పప్పు మీద పడ్డ నింద: యూరిక్ యాసిడ్‌ని నిజంగా పెంచేదేమిటి?

మా ఇంట్లో పెళ్ళయిన మర్నాటి భోజనాల్లో బాబాయి నా పక్కనే కూర్చున్నారు. ముద్దపప్పు గిన్నె దగ్గరికి రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దమ్మా, యూరిక్ యాసిడ్" అన్నారు. పాలకూర పులుసు వస్తే అదీ వద్దన్నారు. ఆ వెనకే వచ్చిన చికెన్ వేపుడు మాత్రం రెండుసార్లు వేయించుకున్నారు. చివర్లో మజ్జిగ పక్కకి జరిపి చల్లటి కూల్‌డ్రింక్ తాగారు. రాత్రికి మగపెళ్ళివారి తరఫు కుర్రాళ్ళతో రెండు బీర్లు. మూడో రోజు తెల్లవారుజామున కుడికాలి బొటనవేలు మొదట్లో వాచి, ఎర్రబడి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టే స్థితి వచ్చింది.

"పప్పు ముట్టి ఎనిమిది నెలలైందిరా! ఇంకేం మానమంటారు నన్ను?" అన్నారు నాతో. ఆ కోపంలో న్యాయం ఉంది. ఆయనకి ఎవరో ఇచ్చిన జిరాక్స్ కాగితం మీద "తినకూడనివి" అని ఉన్న జాబితాలో కందిపప్పు, మినపప్పు, శనగలు, పాలకూర, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు వరసగా ఉన్నాయి. చికెన్ "మితంగా" అని ఉంది. కూల్‌డ్రింక్ ఊసే లేదు. ఆ కాగితాన్ని ఆయన అక్షరాలా పాటించారు. తప్పు ఆయనది కాదు, కాగితానిది.

ముందు యూరిక్ యాసిడ్ ఎక్కడిదో చూద్దాం. ప్యూరిన్లంటే ఏదో విషపదార్థం కాదు. మన ప్రతి కణంలోని డీఎన్‌ఏలో, ఆర్‌ఎన్‌ఏలో, కణాలు శక్తిగా వాడుకునే ఏటీపీలో ఉండే ముడిసరుకే అవి. పాత కణాలు పోయి కొత్తవి పుడుతున్నప్పుడు ఈ ప్యూరిన్లు విరిగి, ఆఖరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. చాలా జంతువుల్లో దాన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. మనిషి వంశం ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందటే దాన్ని పోగొట్టుకుంది. కాబట్టి మనం చేయగలిగింది దాన్ని బయటికి పంపడమొక్కటే. మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారా, మిగతాది పేగుల ద్వారా పోతుంది.

రోజూ తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు మన ఒంట్లోని కణాల నుంచే వస్తుంది. తిండి వాటా మూడో వంతు. అంటే ఒక మనిషి ప్యూరిన్లు అసలే లేని ఆహారం తిన్నా రక్తంలో అంకె తగ్గేది డెసిలీటరుకి ఇంచుమించు 1 మిల్లీగ్రాము మాత్రమే. అలాంటి తిండి ఎవరూ ఎక్కువ కాలం తినలేరు కూడా. ఇంకో సంగతి, యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుని బాబాయికి వచ్చినట్టు వాపు, నొప్పి వచ్చే జబ్బుని గౌట్ అంటారు. గౌట్ ఉన్నవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి అసలు చిక్కు ఎక్కువ తయారవడం కాదు, తగినంతగా బయటికి పోకపోవడం. కుళాయి ఎంత కట్టేసినా కాలవ పూడిపోయి ఉంటే తొట్టి నిండే ఉంటుంది.

ఆ కాలవ ఎంత వెడల్పో చాలావరకు పుట్టుకతోనే తేలిపోతుంది. మూత్రపిండాల్లో, పేగుల్లో యూరిక్ యాసిడ్‌ని అటూ ఇటూ మోసే ప్రొటీన్లుంటాయి. వాటి జన్యువుల్లో తేడాలు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. 2018లో న్యూజిలాండ్ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ ప్రచురించారు. మనుషుల మధ్య యూరిక్ యాసిడ్‌లో కనిపించే తేడాల్లో సాధారణ జన్యు తేడాలు దాదాపు 24 శాతాన్ని వివరిస్తే, మొత్తం ఆహారపు అలవాట్లు వివరించింది 0.3 శాతం లోపే అని అందులో తేలింది. అది అమెరికాలో ఉండే యూరోపియన్ మూలాల వాళ్ళ లెక్క, కాబట్టి మనకి అచ్చంగా అదే అంకె వస్తుందని నేననను. కానీ "తిండి వల్లే వచ్చింది, నువ్వే తెచ్చుకున్నావ్" అని గౌట్ మనిషిని నిలదీసేవాళ్ళు ఒకసారి చూడాల్సిన అంకె అది.

అలాగని తిండికి సంబంధమే లేదనుకోకూడదు. బీరు, మాంసం రాత్రి తర్వాత కాలు వాచడం ఎంతోమంది అనుభవం. తిండి పెద్ద మీట కాదు, కానీ అప్పటికే అంచు మీద ఉన్నవాణ్ణి పక్కకి నెట్టగలదు. ప్రశ్నల్లా ఏ తిండి అన్నదే.

జాబితాల్లో పప్పు, పాలకూర, పుట్టగొడుగులు ఎలా చేరాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ప్యూరిన్లు కణ కేంద్రకాల్లో ఉంటాయి కాబట్టి కణాలు కిక్కిరిసి ఉన్నచోట ఎక్కువుంటాయి. కార్జం అలాంటిది. పేగులూ అన్నీ సహా మొత్తం తినేసే చిన్న చేపలూ అంతే. మొలకలు, చిగుళ్ళు, గింజలు, పుట్టగొడుగుల్లో కూడా ఓ మోస్తరుగా ఉంటాయి. గుడ్డులో దాదాపు ఏమీ ఉండవు, ఎందుకంటే అంత పెద్ద గుడ్డూ మొత్తం మీద ఒకే కణం. పాలల్లోనూ ఉండవు. పాతకాలంలో ఆహార పదార్థాల్లో ప్యూరిన్లు కొలిచినవాళ్ళు "100 గ్రాములకి ఇంత" అని రాసి, ఒక గీత గీసి, ఆ గీత దాటినవన్నీ నిషేధం అన్నారు. తిన్నాక ఏం జరుగుతుందో చూడలేదు, ఎంత తింటారో అడగలేదు.

ఇక్కడే ఒక చిన్న మోసం జరుగుతుంది. జపాన్‌లో ఈ కొలతలు చాలా శ్రద్ధగా చేశారు, ఆ అంకెలే చెబుతాను. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో 100 గ్రాములకి దాదాపు 380 మిల్లీగ్రాముల ప్యూరిన్లున్నాయి. కోడి కార్జంలో 312. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసిన ఎవరికైనా పుట్టగొడుగు కార్జం కన్నా ప్రమాదం అనిపిస్తుంది. కానీ ఎండు పుట్టగొడుగులు 100 గ్రాములంటే పెద్ద సంచెడు. వంటలో వాడేది 5, 10 గ్రాములు. అదే జాతి పచ్చి పుట్టగొడుగులో నీళ్ళే ఎక్కువ కాబట్టి 100 గ్రాములకి 20 చిల్లర మాత్రమే. మన మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో దొరికే తెల్ల బటన్ మష్రూమ్‌లో 50 దాకా ఉంటాయి. 200 గ్రాముల డబ్బా తెచ్చి ముగ్గురు తింటే ఒక్కొక్కరికి 33 మిల్లీగ్రాములు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులో అంతకన్నా ఎక్కువే, అయినా మన కూర లెక్కలో అది పెద్దది కాదు.

పప్పుకీ ఇదే జరిగింది. జాబితాల్లో ఉండేది ఎండు గింజల అంకె. మనం తినేది ఉడికించిన పప్పు. ఎండు పప్పు ఉడికితే రెండున్నర, మూడింతలు అవుతుంది. జపాన్ కొలతల్లో ఎండు సోయా గింజలకి 172, ఎర్రటి అడ్జుకి చిక్కుళ్ళకి 78. మన కంది, పెసర, మినప పప్పుల్ని ఈ రెండింటి మధ్య 120 అనుకుని లెక్క వేద్దాం.

పిన్ని నలుగురికి పప్పు వండేటప్పుడు స్టీలు గ్లాసు నిండా కందిపప్పు కొలుస్తుంది. ఒకసారి తూకం వేయించాను, 150 గ్రాములు వచ్చింది. ఒక్కొక్కరి వాటా 38 గ్రాములు, అంటే సుమారు 45 మిల్లీగ్రాముల ప్యూరిన్లు. అందులో రెండు కట్టల పాలకూర వేస్తే మనిషికి 50 గ్రాముల ఆకు పడుతుంది. ముదురు పాలకూరలో 100 గ్రాములకి 51 ఉంటాయి, కాబట్టి ఇంకో 25. లేత చిగురాకులో మూడింతలు ఎక్కువ, కానీ రైతుబజారులో మనం తెచ్చే కట్టలు అలాంటివి కావు. పాలకూర పప్పు మొత్తం 70 మిల్లీగ్రాములు.

ఇప్పుడు బాబాయి పెళ్ళి విస్తరి. చికెన్ రొమ్ము మాంసంలో 141. రెండుసార్లు వేయించుకున్నది కలిపి 200 గ్రాములనుకుంటే 280 మిల్లీగ్రాములు. అదే రొయ్యల వేపుడైతే రొయ్య జాతిని బట్టి 100 గ్రాములకి 145 నుంచి 270 దాకా. కోడి కార్జం వేపుడు అరచేతిలో పట్టేంత తిన్నా 300 దాటుతుంది. జపాన్ వైద్యులు గౌట్ ఉన్నవాళ్ళకి రోజు మొత్తానికి సూచించే హద్దు 400.

ఈ లెక్క వేస్తున్నప్పుడు నాకు నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. తెల్ల బియ్యంలో 100 గ్రాములకి 26 మిల్లీగ్రాముల ప్యూరిన్లున్నాయి. మన మనిషి రోజుకి మూడు వందల గ్రాముల బియ్యం తింటే 78. పాలకూర పప్పు కన్నా ఎక్కువ! అన్నంలో ప్యూరిన్లున్నాయని ఎవరూ హెచ్చరించరు, ఎందుకంటే 100 గ్రాములకి చూస్తే ఆ అంకె గీత కిందే ఉంది.

అంకెలు పక్కన పెట్టి, ఇవి తిన్నవాళ్ళకి నిజంగా గౌట్ వచ్చిందా అని చూసినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో దంతవైద్యులు, ఫార్మసిస్టుల్లాంటి 47,000 మంది మగవాళ్ళని 12 ఏళ్ళపాటు గమనించారు. హ్యోన్ చోయ్ బృందం ఆ ఫలితాలు 2004లో ప్రచురించింది. మాంసం బాగా ఎక్కువ తినేవాళ్ళకి, బాగా తక్కువ తినేవాళ్ళతో పోలిస్తే గౌట్ వచ్చే అవకాశం 41 శాతం ఎక్కువ కనిపించింది. చేపలు, రొయ్యల విషయంలో 51 శాతం ఎక్కువ. బఠాణీలు, చిక్కుళ్ళు, పుట్టగొడుగులు, పాలకూర, కాలీఫ్లవర్ లాంటి "ప్యూరిన్లు ఎక్కువున్న" కూరగాయల విషయంలో ఏ తేడా కనిపించలేదు. పాలు, పెరుగు బాగా తీసుకునేవాళ్ళలో గౌట్ దాదాపు సగానికి తగ్గింది.

"వాళ్ళేం పప్పన్నం తింటారు, మన లెక్క వేరు" అనొచ్చు. నిజమే. అందుకే సింగపూర్‌లోని చైనా సంతతి వాళ్ళ మీద జరిగిన అధ్యయనం నాకు ఎక్కువ నచ్చింది. వాళ్ళు రోజూ టోఫు, చిక్కుళ్ళు తినేవాళ్ళు. అక్కడ కోడిమాంసం ఎక్కువ తిన్నవాళ్ళలో గౌట్ పెరిగింది. సోయా, ఇతర పప్పు గింజలు ఎక్కువ తిన్నవాళ్ళలో కొంచెం తగ్గింది కూడా.

అప్పటికే గౌట్ ఉన్నవాళ్ళ సంగతి వేరుగా చూడాలి. 2012లో ఇంకో అధ్యయనం వచ్చింది. నొప్పి వచ్చిన రోజుకి ముందు రెండు రోజులు ఏం తిన్నారో, నొప్పి లేని రోజులకి ముందు ఏం తిన్నారో ఒకే మనిషిలో పోల్చి చూశారు. జంతు సంబంధమైన ప్యూరిన్లు బాగా ఎక్కువ తిన్న రెండు రోజుల తర్వాత నొప్పి వచ్చే అవకాశం బాగా తక్కువ తిన్నప్పటి కన్నా 2.4 రెట్లు. మొక్కల ప్యూరిన్లకి 1.4 రెట్లు. అంటే పప్పు పూర్తిగా సున్నా అని కూడా కాదు. రోజూ తినే కప్పుడు పప్పు వేరు, దేవుడి దీక్ష అయ్యాక ఒక్క పూటలో గారెలు, శనగల గుగ్గిళ్ళు, పప్పు బూరెలు కలిపి లాగించడం వేరు. రెండోది అప్పుడే నొప్పి తగ్గుతున్న కాలికి నేను సిఫార్సు చేయను.

మొక్కల ప్యూరిన్లు ఎందుకు తక్కువ ప్రభావం చూపుతాయన్నదానికి ఒకటి కన్నా ఎక్కువ కారణాలున్నాయి. ఒకటి ఇప్పటిదాకా చూసిన పరిమాణం. రెండోది ప్యూరిన్ల రకం. కోడినో మేకనో కోశాక కండలోని ఏటీపీ విరిగి హైపోజాంథిన్‌గా మారుతుంది. అది యూరిక్ యాసిడ్ కావడానికి రెండడుగుల దూరంలోనే ఉంటుంది, రక్తంలో అంకెని బాగా పెంచే రకం కూడా. గింజల్లో, ఆకుల్లో ఉండేది ఎక్కువగా డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లో బిగించి ఉన్న సరుకు. దాన్ని ముందు జీర్ణం చేసి విడగొట్టాలి. మూడోది, ఆకుకూరలు, కూరగాయలు మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తక్కువున్న మూత్రంలో యూరిక్ యాసిడ్ తేలిగ్గా కరిగి బయటికి పోతుంది. మాంసం దీనికి సరిగ్గా ఉల్టా చేస్తుంది.

పాలకూర జాబితాలో ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని విడదీయకపోతే గందరగోళం పోదు. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ. కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు పడే మనిషికి డాక్టరు పాలకూర తగ్గించమనడం సరైనదే. "పాలకూర, టమాటా కలిపి వండితే రాళ్ళు" అని మన ఇళ్ళలో అనే మాట కూడా ఆ రాళ్ళ భయమే. దానికీ యూరిక్ యాసిడ్‌కీ సంబంధం లేదు. అలాగే కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకి పప్పు కొలిచి తినమంటారు. అది ప్రొటీన్, పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క. మూడు రకాల రోగులకి రాసిన మూడు చీటీలు ఎక్కడో ఒక కాగితం మీద కలిసిపోయి, అదే జిరాక్స్ అయి ఊరంతా తిరుగుతోంది. మీకు కిడ్నీ రాళ్ళో, క్రియాటినిన్ ఎక్కువో ఉంటే ఈ వ్యాసం చూసి పాలకూర పప్పు మొదలుపెట్టకండి, మీ చీటీ వేరు.

మరి అంకెని నిజంగా పెంచేవేమిటి? జాబితాలో లేని వాటితో మొదలుపెడతాను.

మొదటిది చక్కెర. మనం వాడే పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్‌లో ఒక్క ప్యూరిన్ కూడా లేదు, అందుకే ఏ ప్యూరిన్ జాబితాలోనూ అది కనిపించదు. కానీ కాలేయం ఫ్రక్టోజ్‌ని పట్టుకునేటప్పుడు దానికి ఒక ఏటీపీ ఖర్చవుతుంది, ఆ ఖర్చుకి అడ్డూ ఆపూ ఉండదు. ఎంత ఫ్రక్టోజ్ వస్తే అంత ఏటీపీ కరిగిపోతుంది. కరిగిన ఏటీపీ ఏమవుతుంది? విరిగి విరిగి యూరిక్ యాసిడ్ అవుతుంది. అంటే తిండిలోని ప్యూరిన్లతో పని లేకుండా మన ఒంట్లోని ప్యూరిన్లనే నిమిషాల్లో యూరిక్ యాసిడ్‌గా మార్చేస్తుంది. పైన చెప్పిన అమెరికా మగవాళ్ళలోనే, రోజుకి రెండు, అంతకన్నా ఎక్కువ తీపి కూల్‌డ్రింకులు తాగేవాళ్ళకి గౌట్ ప్రమాదం 85 శాతం ఎక్కువని 2008లో తేలింది. చక్కెర లేని డైట్ డ్రింకులతో ఆ తేడా రాలేదు.

300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో ముప్పై గ్రాములకి పైగా చక్కెర ఉంటుంది. చెరకు రసం, పంచదార వేసి ఇచ్చే బత్తాయి జ్యూస్, తేనె నీళ్ళు కూడా ఇదే దారి. "పంచదార మానేసి బెల్లం వాడుతున్నా" అనేవాళ్ళకి ఒక మాట, బెల్లంలో ఉన్నది కూడా ఎక్కువభాగం అదే చక్కెర. జామకాయ, బత్తాయి తొనలు అలాగే తినడం వేరు. పీచుతో కలిసి, నెమ్మదిగా, తక్కువ మోతాదులో లోపలికి పోతుంది.

రెండోది మద్యం. ఇది రెండు వైపులా కొడుతుంది. కాలేయంలో ఏటీపీని ఖర్చు చేయించి యూరిక్ యాసిడ్ పెంచుతుంది. అదే సమయంలో పుట్టే లాక్టిక్ ఆమ్లం మూత్రపిండాల దగ్గర యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది. బీరులో దానికి తోడు ఈస్ట్ నుంచి వచ్చిన ప్యూరిన్లు కూడా ఉంటాయి. గౌట్ విషయంలో అన్నిటికన్నా బీరే ఎక్కువ చెడ్డదని, తర్వాత విస్కీ లాంటివని, వైన్ ప్రభావం తక్కువని చోయ్ బృందమే చూపించింది. "హార్డ్ మానేశాను, బీరే కదా" అనే సర్దుబాటు గౌట్‌కి సరిగ్గా తలకిందులు.

మూడోది మందుబిళ్ళలు. నా అనుభవంలో ఎవరూ అడగనిది ఇదే. బీపీకి ఇచ్చే నీటి బిళ్ళలు, ముఖ్యంగా హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, యూరిక్ యాసిడ్‌ని లోపలే నిలబెడతాయి. కాళ్ళ వాపుకి వాడే ఫ్రూసెమైడ్ కూడా అంతే. మన దగ్గర బీపీ బిళ్ళలు జంటగా కలిపి అమ్ముతారు. పేరు చివర హెచ్ అనో సీటీ అనో అక్షరాలుంటే సాధారణంగా అది ఈ నీటి మందుకి గుర్తు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో అసలు పేరు ఉంటుంది. గుండెకి వాడే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా కొంచెం పెంచుతుంది. టీబీ మందుల్లో పైరజినమైడ్ అయితే బాగా పెంచుతుంది, కోర్సు అయ్యాక తగ్గిపోతుంది. వీటిలో దేన్నీ సొంతంగా ఆపకూడదు. టీబీ మందునీ, గుండె మందునీ యూరిక్ యాసిడ్ కోసం ఆపడమంటే ఇల్లు కాలుతుంటే దోమల గురించి ఆలోచించడం. బీపీ బిళ్ళని మార్చడానికి మాత్రం చాలాసార్లు దారి ఉంటుంది. లోసార్టాన్ అనే బీపీ మందు యూరిక్ యాసిడ్‌ని కొద్దిగా తగ్గిస్తుంది కూడా.

ఇక పొట్ట చుట్టూ బరువు, మూత్రపిండాల పనితీరు తగ్గడం. ఇన్సులిన్ ఎక్కువగా తిరిగే ఒంట్లో మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ని వెనక్కి లాక్కుంటాయి. బరువు తగ్గితే అంకె తగ్గుతుంది, కానీ నెమ్మదిగా తగ్గాలి. కఠిన ఉపవాసాలు, అన్నం పూర్తిగా మానేసి కొవ్వు మీదే నడిచే డైట్లు మొదలుపెట్టినప్పుడు రక్తంలో కీటోన్లు పెరిగి యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడతాయి. డైట్ మొదలుపెట్టిన మొదటి వారాల్లోనే కాలు వాచడం అందుకే.

బాబాయి కథలో ఇవన్నీ ఒక్కచోట దొరికాయి. వయసు 54, బరువు 84 కిలోలు. మొదటిసారి నొప్పి వచ్చిన రోజే పరీక్ష చేయిస్తే 7.1 వచ్చింది. "కొంచెమే ఎక్కువ" అన్నారు. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో ఈ అంకె తక్కువగా, ఒక్కోసారి మామూలుగా కూడా రావచ్చు. నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి మళ్ళీ చూడాలి. అలా చూస్తే 9.1. ఎనిమిది నెలలు పప్పు, ఆకుకూరలు మానేశాక 9.0. ఈ ఎనిమిది నెలల్లో ఆయన పప్పు స్థానంలో చికెన్ వారానికి ఒకసారి నుంచి మూడుసార్లకి పెరిగింది. సాయంత్రం కూల్‌డ్రింక్ ఎప్పటి నుంచో ఉంది. బీపీ బిళ్ళ పేరు చివర హెచ్ ఉంది.

పెళ్ళి తర్వాత వెళ్ళిన డాక్టరు ముందు బిళ్ళ స్ట్రిప్ అడిగి చూశారు. నీటి మందు తీసేసి బీపీ బిళ్ళ మార్చారు. కూల్‌డ్రింక్, బీరు ఆపమన్నారు. చికెన్ వారానికి ఒకసారి, కార్జం వద్దు. పప్పు, ఆకుకూర, మజ్జిగ మామూలుగా తినమన్నారు. ఆ మాటకి పిన్ని ఆ గదిలోనే బాబాయి వైపు చూసిన చూపు నేను మర్చిపోను. అయిదు నెలలకి బరువు 79కి వచ్చింది, యూరిక్ యాసిడ్ 7.8.

పాలకూర మానితే రానిది ఇప్పుడొచ్చింది. కానీ గౌట్‌కి అది చాలదు. యూరిక్ యాసిడ్ రక్తంలో డెసిలీటరుకి 6.8 మిల్లీగ్రాముల దాకానే కరిగి ఉండగలదు. అది దాటితే కీళ్ళలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. బొటనవేలు ఒంట్లో చల్లగా ఉండే చోటు కాబట్టి ముందు అక్కడే. పేరుకున్న స్ఫటికాలు కరగాలంటే అంకె 6 లోపు ఉండి, అక్కడే నెలలు, ఏళ్ళు నిలవాలి. నొప్పి పదే పదే వచ్చే మనిషికి 7.8 నుంచి 6 లోపు దిగడానికి తిండి ఒక్కటే చాలడం అరుదు. అందుకే యూరిక్ యాసిడ్ తయారీని తగ్గించే అల్లోప్యూరినాల్ బిళ్ళ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కొన్ని వారాలకొకసారి రక్తపరీక్ష చేస్తూ 200, తర్వాత 300కి పెంచారు.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. మందు మొదలుపెట్టాక అంకె దిగుతుంటే పాత స్ఫటికాలు కదిలి మళ్ళీ నొప్పి రావచ్చు. బాబాయికీ ఆరో వారంలో ఒకసారి వచ్చింది. "ఈ మందే పడలేదు" అని ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. దీన్ని అడ్డుకోవడానికే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిన్న మోతాదులో కోల్చిసిన్ జోడిస్తారు. అల్లోప్యూరినాల్ వెంటనే ఆపాల్సిన సందర్భం ఒకటుంది. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్ళు, జ్వరం వస్తే వెంటనే బిళ్ళ ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అరుదైనా అది ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ కావచ్చు.

ఇంకో రకం మనుషులున్నారు, వాళ్ళకి గౌట్ లేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో యూరిక్ యాసిడ్ 7.4 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది, అంతే. అప్పటి నుంచి మడమ నొప్పి, మోకాలి నొప్పి, నడుం నొప్పి అన్నీ ఆ ఖాతాలో వేసుకుంటారు. పొద్దున్నే లేచి మొదటి అడుగు వేస్తే మడమలో పొడిచే నొప్పి చాలావరకు అరికాలి పట్టీ వాపు, గౌట్ కాదు. గౌట్ కొన్ని గంటల్లో విరుచుకుపడుతుంది, సాధారణంగా ఒకే కీలు, ఎర్రగా వేడిగా ఉంటుంది, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అంకె ఎక్కువున్నవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పటికీ గౌట్ రాదు. వాళ్ళకి సాధారణంగా మందు అక్కర్లేదు, పప్పు మానడం అంతకన్నా అక్కర్లేదు. మానితే నష్టమే. శాకాహారుల ఇంట్లో పప్పు పోతే ఆ చోటు ఇంకో గరిటె అన్నం, బంగాళాదుంప వేపుడు నింపుతాయి.

బాబాయి అంకె ఇప్పుడు 5.6. ఈమధ్య ఫోన్ చేసి, "సంక్రాంతికి మీ పిన్ని ఎండు నెత్తళ్ళు చేస్తానంటోంది, తినొచ్చా?" అని అడిగారు. ఎండబెట్టిన చిన్న చేపల్లో జపాన్ లెక్క ప్రకారం 100 గ్రాములకి 300 నుంచి 750 దాకా ఉంటుంది, అందులో నీళ్ళు లేవు కాబట్టి. కానీ ఇక్కడ కూడా ఎంత తింటారన్నదే లెక్క. వంకాయలో వేసిన ఒక పిడికెడు, 20 గ్రాములనుకుంటే, 60 నుంచి 150. "వంకాయలో వేసినవి ఒక పూట తినండి బాబాయ్, కానీ ఆ రోజు చికెన్ వద్దు, రాత్రికి బీరు అసలే వద్దు" అన్నాను.

"మరి ముద్దపప్పు?"

"అది రోజూ తినండి."

ఫోన్ అవతల పిన్ని గొంతు వినిపించింది. గ్లాసు నిండా పప్పు మళ్ళీ కొలవడం మొదలుపెట్టి చాలా నెలలైందట.